సమకాలీన ఛాంబర్ కచేరీకి ప్రోగ్రాం నోట్స్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో పాశ్చాత్య ఛాంబర్ కచేరీలు అరుదు. వాటిలోనూ గత అరవై ఏళ్లలో పుట్టిన సంగీతం వినిపించేవి ఇంకా అరుదు. అలాంటి కచేరీ పెట్టేవాళ్లకి హాలు, పియానో, టికెట్ల టెన్షన్ అన్నీ అయ్యాక చివరి వారంలో గుర్తొచ్చేది గుమ్మం దగ్గర చేతికిచ్చే కాగితం. ఆ కాగితం రాయాల్సిన వాళ్లు అడుగుతుండే ప్రశ్నలివి.

జవాబులన్నీ ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతాయి. ఫ్లూట్, చెల్లో, పియానో వాయించే ముగ్గురు, మూడు రచనలు అనుకుందాం. మొదటిది స్టీవ్ రైక్ ‘క్లాపింగ్ మ్యూజిక్’ (1972), ఇందులో ఇద్దరు కేవలం చప్పట్లు కొడతారు. రెండోది ఆర్వో పార్ట్ ‘ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్’ (1978), చెల్లో, పియానోలతో. మూడోది జార్జ్ క్రమ్ ‘వాక్స్ బలేనే’ (1971), ముగ్గురూ కలిసి. ఇంటర్వెల్ లేకుండా ముప్పావు గంటలోపే ముగుస్తుంది.

ఎవరి కోసం రాస్తున్నామని అనుకోవాలి?

కళాభారతిలో కర్ణాటక కచేరీలు వినే అలవాటున్న ఒక పెద్దాయన, స్కూల్లో కీబోర్డు నేర్చుకుంటున్న మనవరాలితో వచ్చారనుకోండి. ఆయనకి సంగీతం బాగా తెలుసు, ఈ సంగీతం తెలియదు. మన ఊళ్లో ఇలాంటి శ్రోతలే ఎక్కువ. వాళ్లను ఏమీ తెలియనివాళ్లుగా చూసి రాసినా తప్పే, యూనివర్సిటీలో సెమినార్ పేపర్ చదివేవాళ్లుగా చూసి రాసినా తప్పే. ఛాంబర్ మ్యూజిక్ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి: కొద్దిమంది, ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర, ముందు నిలబడి నడిపించే కండక్టర్ ఉండరు. అంతకు మించి అక్కర్లేదు.

ఒక్కో రచనకి ఎంత రాయాలి?

తెలుగులో వంద నుంచి నూట యాభై మాటలు. ఇంగ్లిష్‌లో మూడు మాటలు పట్టేది మనకి ఒక్కోసారి ఒక్క మాటలో అయిపోతుంది కాబట్టి ఇంగ్లిష్ నోట్స్ లెక్కని ఇక్కడ పట్టుకోకండి. అసలు హద్దు పెట్టేది కాగితం. ఒక ఏ4 షీటు మధ్యకి మడిస్తే నాలుగు చిన్న పేజీలు వస్తాయి. ముందు పేజీ కచేరీ పేరు, తేదీ, వాయించేవాళ్లకి పోతుంది. వెనక పేజీ వాయించేవాళ్ల పరిచయాలకి, దాతలకి పోతుంది. మిగిలిన రెండు పేజీల్లో, పెద్దవాళ్లు కూడా చదవగలిగే సైజు అక్షరాల్లో మూడు నోట్సులు పట్టాలి.

అన్ని రచనలకీ సమానంగా పంచనక్కర్లేదు. పార్ట్‌కి అరవై మాటలు సరిపోతాయి, ఆ సంగీతం తనంతట తానే అర్థమవుతుంది. క్రమ్‌కి వందకి పైనే కావాలి. రాసేవాళ్లు సాధారణంగా తమకి ఎక్కువ తెలిసిన స్వరకర్త గురించి ఎక్కువ రాసేస్తారు. శ్రోత ఎక్కడ తికమకపడతాడో అక్కడ ఎక్కువ రాయాలి.

దేంతో మొదలుపెట్టాలి? ముందు స్వరకర్త గురించి చదవాలా?

ముందు వినండి. ఒక కాగితం, గడియారం పెట్టుకుని రికార్డింగ్ పూర్తిగా వింటూ, ‘ఇదేంటి?’ అనిపించిన ప్రతిచోటా నిమిషం, సెకను వేసుకుని, వినిపించింది ఉన్నదున్నట్టు రాసుకోండి. ‘ఫ్లూట్‌లోంచి మనిషి గొంతు’, ‘పియానో కాదు, తీగవాద్యంలా ఉంది’, ‘బాగా పెద్ద శబ్దం, ఆ తర్వాత నిశ్శబ్దం’. పేర్లు తెలియకపోయినా పరవాలేదు. రెండోసారి స్కోరు, అంటే స్వరకర్త రాసిన స్వరలిపి పుస్తకం, ముందు పెట్టుకుని వినండి, ఆ చోట్ల ఏం జరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. స్కోరు చదవడం రాకపోతే రిహార్సల్‌కి వెళ్లి వాయించేవాళ్లనే అడగండి. అసలు రిహార్సల్‌కి ఎలాగూ వెళ్లాలి. రికార్డింగ్‌లో కనిపించనివి అక్కడ కనిపిస్తాయి.

ఆ జాబితాలో పది పన్నెండు చోట్లు వస్తాయి. వాటిలో మూడే ఉంచుకోండి: మొదట్లో ఒకటి, మధ్యలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి, ముగింపు ఒకటి. స్వరకర్త జీవితం, సంవత్సరాలు, బహుమతులు ఆ తర్వాత. ఆ మూడు చోట్లలో దేన్నైనా వినడానికి పనికొచ్చే విషయమైతేనే అవి లోపలికి వస్తాయి.

ఒక నోట్సు మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారవుతుందో చూపిస్తారా?

క్రమ్ రచననే తీసుకుందాం. మొదటి డ్రాఫ్టు చాలామంది చేతిలో ఇలా వస్తుంది:

‘జార్జ్ క్రమ్ 1929లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జన్మించారు. 1968లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. వాద్యాలను అసాధారణ పద్ధతుల్లో వాయించే ఎక్స్‌టెండెడ్ టెక్నిక్స్‌కి ఆయన ప్రసిద్ధులు. ఎలక్ట్రిక్ ఫ్లూట్, ఎలక్ట్రిక్ చెల్లో, ఆంప్లిఫైడ్ పియానోల కోసం రాసిన ఈ రచనలో చెల్లో స్కోర్డటూరాలో శ్రుతి చేయబడుతుంది. ఇది అద్భుతమైన, మార్మికమైన అనుభూతిని కలిగిస్తుంది.’

ఇందులో తప్పేమీ లేదు, అన్నీ నిజాలే. కానీ హాల్లో కూర్చున్నవాళ్లకి ఇందులో వినడానికి ఒక్కటీ లేదు. తెర లేవగానే వాళ్లకి కనిపించేది నల్ల ముసుగులేసుకున్న ముగ్గురు, నీలి వెలుగు. దాని గురించి ఒక్క మాట లేదు. స్కోర్డటూరా అంటే తీగలను మామూలు శ్రుతికి కాక వేరే శ్రుతికి బిగించుకోవడం. అది చెల్లో వాయించేవాళ్ల సమస్య, వినేవాళ్లది కాదు. ‘అద్భుతమైన, మార్మికమైన’ అన్నది శ్రోత తనకి తాను అనుకోవాల్సిన మాట, దాన్ని మనమే ముందు అనేస్తే ఎలా?

గడియారం పెట్టుకుని విన్నాక, స్కోరు చూశాక తెలిసిన విషయాలు వేరు. మొదట ఫ్లూట్ ఒంటరిగా మొదలవుతుంది, ఊదుతూనే అందులోకి పాడాలి. తర్వాత చెల్లోలో ఒక సముద్రపు పల్లవి లాంటిది వస్తుంది. దాని మీద అయిదు వేరియేషన్లు, ఒక్కోదానికీ భూచరిత్రలోని ఒక్కో యుగం పేరు: ఆర్కియోజోయిక్, ప్రొటెరోజోయిక్, పేలియోజోయిక్, మీసోజోయిక్, సీనోజోయిక్. చివర్లో ‘సముద్ర రాత్రిగీతం’. ఆఖరి పలుకును శబ్దం లేకుండా, వాయిస్తున్నట్టు అభినయించాలని స్వరకర్తే రాశారు. యుగాల పేర్లు అయిదూ కార్యక్రమ పట్టికలో ఎలాగూ ఉంటాయి, నోట్సులో మళ్లీ అక్కర్లేదు. ఇలా కోసుకుంటూ వస్తే మిగిలేది ఇది:

‘వేదిక మీద ముగ్గురూ నల్ల ముసుగులతో, నీలి వెలుగులో కనిపిస్తారు. వాయించే మనిషి ముఖం పక్కకి తప్పుకుని ప్రకృతి మాత్రమే మిగలాలని స్వరకర్త కోరిక. వాద్యాలకి మైకులు పెట్టమన్నదీ ఆయనే.

మొదట ఫ్లూట్ ఒక్కటే వినిపిస్తుంది. ఊదుతూనే అందులోకి పాడతారు కాబట్టి రెండు గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. హంప్‌బ్యాక్ తిమింగలాల పాట టేపులో విన్న రెండు మూడేళ్లకి క్రమ్ ఈ రచన చేశారు. తర్వాత చెల్లో, ఈలలా సన్నగా, ఒక నెమ్మదైన పల్లవి వినిపిస్తుంది. దానికి తోడు పియానో తీగలను నేరుగా చేత్తో మీటుతారు. ఈ పల్లవిని గుర్తుపెట్టుకోండి.

దాని మీద అయిదు మార్పులు వస్తాయి. భూమి తొలి యుగాల నుంచి మొదలై శబ్దం పెరుగుతూ పోతుంది. అన్నిటికంటే పెద్ద హోరు అయిదోదానిలో, మనిషి పుట్టిన యుగంలో. ఆ తర్వాత పల్లవి మళ్లీ వస్తుంది, ఈసారి చిన్న కంచు తాళాల మెరుపుతో.

చివర ఒకే చిన్న పలుకు తగ్గుతూ తగ్గుతూ తిరిగి తిరిగి వస్తుంది. ఆఖరిసారి చేతులు కదులుతాయి, శబ్దం ఉండదు. చేతులు దిగేదాకా అదీ సంగీతమే.’

వంద మాటలకి కాస్త అటూ ఇటూ. ఇందులో జీవిత విశేషం ఒక్కటే ఉంది, తిమింగలాల టేపు. ఎందుకంటే అది తెలిస్తే ఫ్లూట్ శబ్దం వేరుగా వినిపిస్తుంది. పులిట్జర్ తెలిస్తే ఏదీ వేరుగా వినిపించదు. పుట్టిన, పోయిన సంవత్సరాలు (1929–2022) పేరు పక్కన బ్రాకెట్లో వేస్తే చాలు. ఒక్క చిన్న సంగతి మాత్రం వదలడానికి మనసొప్పదు: ఫ్లూట్ మొదటి భాగం చివర రిహార్డ్ స్ట్రాస్ ‘జరతూస్త్ర’ ఆరంభాన్ని వెక్కిరిస్తున్నట్టు ఒక మెరుపు ఉంది, మనిషి యుగంలో అది మళ్లీ తొంగిచూస్తుంది. మన శ్రోతల్లో ఆ స్ట్రాస్‌ని గుర్తుపట్టేవాళ్లు తక్కువ కాబట్టి వదిలేశాను. సంగీత విభాగం విద్యార్థులే ఎక్కువగా వచ్చే హాలైతే ఉంచేవాణ్ణి.

విశాఖలో కచేరీ కదా, సముద్రం గురించి ఒక మాట రాయొద్దా?

రాయాలని చెయ్యి లాగుతుంది. కానీ ఈ రచనలో అలల హోరు లేదు. ‘మన బీచ్‌లో వినే అలలే ఇక్కడ వినిపిస్తాయి’ అని రాస్తే శ్రోత ఇరవై నిమిషాలూ అలల కోసం వెతుకుతూ కూర్చుంటాడు, ఉన్నది వినడు. ఊరి గురించి చెప్పాలనిపిస్తే నిర్వాహకుల ముందుమాటలో చెప్పుకోండి.

రాగం, తాళం మాటలు వాడొచ్చా?

వాడొచ్చు. మన శ్రోత దగ్గర ఉన్న బలం అదే. అయితే ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూసుకుని వాడాలి.

పార్ట్ రచనలో అది చక్కగా కుదురుతుంది. చెల్లో చిన్న చిన్న సంచారాలు చేస్తుంది. ఒకసారి కింది నుంచి ఎక్కి, మరోసారి పై నుంచి దిగి, ప్రతిసారీ ఒకే స్వరం మీద వాలుతుంది. ముందు రెండు స్వరాలు, తర్వాత మూడు, అలా సంచారం పొడవు పెరుగుతుంది. పియానో ఆధార స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఆ వాలే చోటు అంతర గాంధారం. ‘చెల్లో ప్రతిసారీ గాంధారం మీద న్యాసం చేస్తుంది, అక్కడికి చేరే దారి మాత్రం పొడవవుతూ ఉంటుంది’ అని రాస్తే కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక్క వాక్యంతో మొత్తం రచన చేతికొస్తుంది. తెలియనివాళ్ల కోసం ‘ఒకే స్వరం మీద’ అన్నది కూడా ఉంచండి. ‘ఇది శంకరాభరణం’ అని మాత్రం రాయకండి. స్వరస్థానాలు అవే అయినా, ఆ పేరు చూడగానే గమకాలు, ఆలాపన ఎదురుచూస్తారు. అవి రావు. ఆ ఎదురుచూపు తీరకపోవడమే వాళ్లకి గుర్తుండిపోతుంది.

‘క్లాపింగ్ మ్యూజిక్’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మనకి చప్పట్లు అంటే తాళం వేయడం. ఇక్కడ చప్పట్లే సంగీతం, తాళం ఎవరూ వేయరు. ఈ తేడా చెప్పకపోతే ముందు వరసలో పెద్దలు తొడ మీద తాళం మొదలుపెట్టి, రెండో మలుపులో లెక్క తప్పి, ‘వీళ్లకి తాళం కుదరడం లేదు’ అనుకుంటారు. నోట్సులో ఆవర్తనాన్ని అచ్చు వేసేయడం మేలు. 12 అక్షరాలు, అందులో 8 చప్పట్లు:

చ చ చ – చ చ – చ – చ చ –

దీని కింద మూడు వాక్యాలు చాలు. ‘ఇద్దరూ కలిసి మొదలుపెడతారు. ఒకరు చివరిదాకా ఇదే కొడతారు, రెండోవారు కొన్ని ఆవర్తనాలకి ఒకసారి ఒక్క అక్షరం ముందుకి జరుగుతారు. పన్నెండుసార్లు జరిగాక ఇద్దరూ మళ్లీ కలుస్తారు, అదే ముగింపు.’ ఇంట్లో ఆ గీత చూసి కొట్టి చూసుకునేవాళ్లు కూడా ఉంటారు.

వింత శబ్దాలను ఎలా వర్ణించాలి?

వర్ణించకండి, చేసే పని చెప్పండి. ‘భయం గొలిపే లోహధ్వని’ అంటే ఒక్కొక్కరికి ఒక్కోటి తోస్తుంది. ‘పియానో లోపలికి వంగి తీగలను మీటుతారు’ అంటే అందరూ ఒకే చోటికి చూస్తారు, చూసినప్పుడు వింటారు కూడా. ముందే చెప్పకపోతే పియానో పాడైందేమో, మైకు గరగరమంటోందేమో అనుకునేవాళ్లు ఉంటారు. సౌండ్ చూసుకునే కుర్రాడికి కూడా ఒక కాపీ ఇవ్వండి, లేకపోతే అసలైన చోట మైకు తగ్గించేస్తాడు. పియానో అద్దెకిచ్చినవాళ్లకి అయితే నోట్సు కాదు, ముందుగానే ఫోన్ చేసి చెప్పాలి. కచేరీ రోజు కాగితంలో చదివి తెలుసుకుంటే పెద్ద గొడవే అవుతుంది.

స్వరకర్త స్వయంగా రాసిన నోట్సు ఉంటే అదే అనువదించి వేయొచ్చా?

అనుమతి లేకుండా వద్దు. స్కోరు ముందు అచ్చయ్యే మాటలకి కూడా కాపీరైట్ ఉంటుంది. అందులోని విషయాలను మీ మాటల్లో రాసుకోవచ్చు. స్వరకర్త ఏం కోరారో తెలుసుకోవడానికి దాన్ని చదవడం తప్పనిసరి, ముసుగులు, నీలి వెలుగు సంగతి అలాగే తెలుస్తుంది.

మన ఊరి స్వరకర్త కొత్త రచన ఉంటే వాళ్లని ‘మీ రచన దేని గురించి?’ అని అడగొద్దు. దానికి వచ్చే జవాబు తత్వంలోకి వెళ్లిపోతుంది. ‘మొదటిసారి వినేవాళ్లు ఎక్కడ తప్పిపోతారని మీకు భయం?’, ‘ఎక్కడ ఏం వినపడకపోతే మీకు బాధ?’ అని అడగండి. నిమిషాలతో సహా చెప్తారు. రాసింది అచ్చుకి వెళ్లేముందు ఒకసారి వాళ్లకి చూపించండి.

చీకట్లో ఎలా చదువుతారు?

చదవలేరు, ఆ సంగతి మనసులో పెట్టుకునే రాయాలి. క్రమ్ రచన నీలి వెలుగులో జరుగుతుంది, హాల్లో లైట్లు ఉండవు. చదివేది ముందే, కుర్చీలో కూర్చున్నాక దొరికే కొద్ది నిమిషాల్లోనే. లోపలికి రాగానే ఇచ్చేలా గుమ్మం దగ్గర ఒకరిని పెట్టండి. ‘మూడో భాగంలో నాలుగో నిమిషం దగ్గర’ లాంటి గుర్తులు చీకట్లో ఎవరికీ పనికిరావు. ‘అన్నిటికంటే పెద్ద హోరు తర్వాత’ అన్నది గుర్తుంటుంది. కచేరీ మధ్యలో ఫోన్ లైట్లు వెలుగుతూ ఉంటే నోట్సు పొడవైందని, లేదా ఆలస్యంగా ఇచ్చారని లెక్క.

నోట్సు పనిచేస్తుందో లేదో ముందే తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది. ఈ సంగీతం ఎప్పుడూ వినని ఒకరికి నోట్సు ఇచ్చి, చదివాక తీసేసుకుని, రికార్డింగ్ వినిపించండి. తర్వాత ‘నచ్చిందా?’ అని అడగకండి, ‘ఏం వినపడింది?’ అని అడగండి. ‘ఆ పల్లవి చివర మళ్లీ వచ్చింది’ అంటే నోట్సు పనిచేసింది. ‘అమెరికా ఆయన కదా, బహుమతి వచ్చింది’ అంటే ఇంకా కోయాలి.

తెలుగు అచ్చులో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మనం ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైపు చేసేది యూనికోడ్. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చి పేజీ కడతారు. మారేటప్పుడు పొల్లు తర్వాత వత్తు రాకుండా ఆపే కనిపించని గుర్తు పోతుంది, అప్పుడు ‘హంప్‌బ్యాక్’ కాస్తా ‘హంప్బ్యాక్’ అయిపోతుంది. ఈ కచేరీలో ఇంగ్లిష్, జర్మన్ పేర్లే ఎక్కువ కాబట్టి ప్రతి పేజీలోనూ ఇలాంటివి దొరుకుతాయి. పీడీఎఫ్ ఫోన్‌లో చూసి ఓకే అనకుండా, ఒక కాపీ ప్రింటు తీయించి పేర్లన్నీ వేలు పెట్టి చదవండి. స్వరకర్త, రచన పేర్లను పట్టికలో ఒకసారి మూల లిపిలో కూడా వేయండి, ఇంటికెళ్లి వెతుక్కునేవాళ్లకి అది కావాలి.

రచనల వరస మాత్రం చివరి రిహార్సల్ అయ్యేదాకా అచ్చుకి ఇవ్వకండి. మైకులు అమర్చడానికి పట్టే టైం చూశాక వాయించేవాళ్లు వరస మార్చడం మామూలే.

వ్యాఖ్యాత వేదిక మీద నోట్సు చదివి వినిపిస్తే సరిపోదా?

సరిపోదు. చదవడానికి రాసిన వాక్యం మైకులో వింటే బరువుగా ఉంటుంది. పైగా జ్యోతి ప్రజ్వలన, అతిథుల మాటలు అయ్యాక ఎవరికీ ఓపిక ఉండదు. వ్యాఖ్యాతకి విడిగా రెండు మాటలు రాసివ్వండి. మొదటి రచన ముందు, ‘ఇక్కడ తాళం వేయకుండా వినండి’. చివరి రచన ముందు, ‘చేతులు దిగేదాకా ఆగండి’. మధ్యలో పార్ట్ ముందు ఏమీ చెప్పనక్కర్లేదు, చెల్లో ఆవిడ కుర్చీ సర్దుకుని మొదలుపెట్టేస్తారు.